ఇంటర్ మార్కులు చేతికొచ్చాక ఈఏపీసెట్‌లో ఎంత రావాలి?

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన సాయంత్రం శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నెట్ సెంటర్లలో ఒకటే మాట వినిపిస్తుంది. "మా గుంటకి తొంభై నాలుగు శాతం వచ్చిందండి, ఇంక ఇంజినీరింగు సీటుకి ఎంసెట్‌లో ఎంత రావాలి?" ఎంసెట్ 2021లోనే ఈఏపీసెట్ అయింది కానీ జిల్లాలో ఇంకా ఆ పాత పేరే నడుస్తోంది. పేరు సంగతి ఎలా ఉన్నా ప్రశ్న మాత్రం సరైనది, దానికి లెక్కతో జవాబు చెప్పొచ్చు. ఇంటర్ మార్కులు తేలిపోయాయి కాబట్టి ర్యాంకు లెక్కలో ఒక ముక్క ఇక కదలదు. మిగిలింది మేలో రాసే పరీక్ష ఒక్కటే. చిక్కల్లా ఆ తొంభై నాలుగు శాతాన్ని ఎక్కడ పెట్టాలి, ఎంతగా లెక్కించాలి అన్న దగ్గర వస్తుంది. పదిమందిలో ఏడెనిమిది మంది తప్పుతున్నది అక్కడే అనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ ర్యాంకు ఉమ్మడి స్కోరు మీద ఇస్తారు. ఈఏపీసెట్‌కి 75, ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టులకి 25, మొత్తం నూరు. కోవిడ్ వల్ల 2021, 2022లో ఇంటర్ వెయిటేజీ తీసేశారు, 2023 నుంచి మళ్ళీ పెట్టారు. తెలంగాణలో సరిగ్గా 2023లోనే దాన్ని పూర్తిగా ఎత్తేశారు. యూట్యూబ్‌లో హైదరాబాద్ నుంచి వచ్చే 'మార్కులు వర్సెస్ ర్యాంక్' వీడియోలు విజయనగరం పిల్లలకి పనికిరాకపోవడానికి ఇదే మొదటి కారణం. అక్కడి 80 మార్కులూ ఇక్కడి 80 మార్కులూ ఒకే కొలబద్ద మీద లేవు.

లెక్క ఇదీ. C అంటే ఉమ్మడి స్కోరు, E అంటే 160కి వచ్చిన ఈఏపీసెట్ మార్కు (నార్మలైజ్ అయ్యాక), I అంటే 600కి వచ్చిన ఇంటర్ గ్రూపు మార్కులు.

```
C = 75 × E / 160 + 25 × I / 600
```

ఇందులో 600 ఎక్కడిదో చూడాలి. మెమోలో కనిపించే మొత్తం 1000. అందులో ఇంగ్లీషు, సెకండ్ లాంగ్వేజ్ కలిపి 400. ఆ నాలుగు వందలకి ఇక్కడ విలువ లేదు. ఎంపీసీలో మాథ్స్ నాలుగు పేపర్లకి 300, ఫిజిక్స్ రెండు పేపర్లు, ప్రాక్టికల్స్ కలిపి 150, కెమిస్ట్రీ అలాగే 150. సంవత్సరాల వారీగా చూస్తే మొదటి సంవత్సరానికి 270, రెండో సంవత్సరానికి 330. ప్రాక్టికల్స్ రెండో సంవత్సరంలో ఉంటాయి కాబట్టి ఆ తేడా. 2025–26లో మొదటి సంవత్సరంలో చేరిన బ్యాచ్ నుంచి పేపర్ల మార్కులు మారాయి. వాళ్ళు 600 స్థానంలో తమ గ్రూపు మొత్తాన్ని పెట్టుకోవాలి.

ఆ తొంభై నాలుగు శాతం గుంట మెమో తీసి చూస్తే మొత్తం 940 ఉంటుంది. సంస్కృతంలో 196, ఇంగ్లీషులో 192. ఆ రెండూ తీసేస్తే గ్రూపులో మిగిలేది 552, అంటే 92 శాతం. తండ్రి 23.5 పాయింట్లు వేసుకుంటే నిజంగా వచ్చేది 23. అర పాయింటే కదా అనిపిస్తుంది. ఆ అర పాయింటు తిరిగి తెచ్చుకోవాలంటే ఈఏపీసెట్‌లో ఒక ప్రశ్న అదనంగా రైటవ్వాలి. ఈ తప్పు చిన్నదే. అసలు పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఈఏపీసెట్ మార్కులో 75 శాతం తీసుకోవడం. 80 మార్కులొస్తే 80లో 75 శాతం 60, దానికి ఇంటర్ 23 కలిపితే 83 అని రాసేసుకుంటారు. 80 మార్కులు 160కి సగం, కాబట్టి 75లో సగం, అంటే 37.5 మాత్రమే. నిజమైన ఉమ్మడి స్కోరు 60.5. ఎనభై మూడు అనుకుని నెల రోజులు ధీమాగా తిరిగి, ర్యాంక్ కార్డు చూసి 'నా మార్కులు తగ్గించేశారు' అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. ఎవరూ తగ్గించలేదు.

ఈ సూత్రాన్ని నోటికి పట్టుకునే దారి ఉంది. ఒక పాయింటు అంటే 24 ఇంటర్ మార్కులు. అదే పాయింటు ఈఏపీసెట్‌లో 2.13 మార్కులు. అంటే ఒక ఈఏపీసెట్ మార్కు దాదాపు పదకొండు ఇంటర్ మార్కులతో సమానం. ఈ మారకం రేటు తెలిస్తే చాలా ప్రశ్నలకి కాల్‌క్యులేటర్ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. ఎంత ఉమ్మడి స్కోరు కావాలో తెలిస్తే, ఇంటర్ వాటా తీసేసి మిగిలింది ఈఏపీసెట్ మార్కుగా మార్చుకోవడమే.

```
E = (C − I / 24) × 32 / 15
```

ఇద్దరు పిల్లల్ని ఊహించుకుందాం. రాజాం అమ్మాయికి గ్రూపులో 576. టెక్కలి అబ్బాయికి 510. ఇద్దరికీ కావలసింది 60 పాయింట్ల ఉమ్మడి స్కోరు. అమ్మాయి ఇంటర్ వాటా 576ని 24తో భాగిస్తే సరిగ్గా 24. ఇంకా కావలసింది 36 పాయింట్లు, దాన్ని 32తో గుణించి 15తో భాగిస్తే 76.8, అంటే 77 మార్కులు. అబ్బాయి ఇంటర్ వాటా 21.25. ఇంకా కావలసింది 38.75, అంటే 82.7 మార్కులు. వేసుకుంటే 83.

ఇంటర్‌లో 66 మార్కుల తేడా ఈఏపీసెట్‌లో ఆరు మార్కులకి దిగిపోయింది. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. రెండూ నిజమే.

మొదటిది, 25 అని కాగితం మీద రాసి ఉన్నా ఇంటర్ బలం అంత ఉండదు. ఒకే రకం సీట్ల కోసం పోటీపడే పిల్లల్ని తీసుకుంటే గ్రూపు మార్కులు చాలామందికి 500కీ 590కీ మధ్య ఉన్నాయనుకుందాం. అందరికీ ఇరవైకి పైగా పాయింట్లు ముందే ఉన్నట్టు. తేడా తెచ్చేది మిగిలిన 90 మార్కులే, అంటే 3.75 పాయింట్లు. అదే గుంపుకి ఈఏపీసెట్‌లో 50 నుంచి 120 దాకా వస్తాయనుకుంటే అక్కడ తేడా 33 పాయింట్లు. అందరికీ సమానంగా ఉన్నది ఎవరినీ ముందుకి తొయ్యదు. లెక్కలో వాటా పావు, ర్యాంకుని కదిలించే శక్తి పదో వంతు. ఇంటర్ మార్కులు పైన కిక్కిరిసే కొద్దీ ఈ శక్తి ఇంకా తగ్గుతుంది. రాజాం అమ్మాయికి నూటికి నూరు వచ్చినా పెరిగేది ఒక్క పాయింటే, అంటే రెండు ఈఏపీసెట్ మార్కులు. ఆమె ప్రాక్టికల్ మార్కుల గురించి టెన్షన్ పడి ఉంటే అది వృథా టెన్షనే. 450 దగ్గర ఉన్న పిల్లవాడి సంగతి వేరు. అతను వదిలేసుకుంటున్నది ఆరు పాయింట్లకి పైమాటే.

రెండోది గుంపుకి సంబంధించినది. ఇంజినీరింగ్ విభాగానికి ఈ మధ్య ఏటా రెండున్నర లక్షల మందికి పైగా దరఖాస్తు చేస్తున్నారు. వాళ్ళలో రెండు లక్షల మందికి ర్యాంకులొచ్చి, స్కోర్లు ఒక అరవై పాయింట్ల వెడల్పులో పరుచుకున్నాయనుకుంటే, సగటున పాయింటుకి మూడు వేల మందికి పైగా పడతారు. నిజంగా అలా సమానంగా పరుచుకోరు. పైన పలచగా ఉంటారు, కింద సంతలో జనంలా ఉంటారు. కాబట్టి ఆ 2.75 పాయింట్ల తేడా పై ర్యాంకుల్లో వందల్లో ఉంటే, మధ్యలోనూ కిందనూ పది వేలు దాటిపోవచ్చు. ఆరు ప్రశ్నలేగా అని తీసిపారేయడానికీ లేదు, ఇంటర్‌లో తగ్గింది కాబట్టి అయిపోయిందని కూర్చోవడానికీ లేదు.

ఇక్కడ సీబీఎస్ఈ పిల్లల గోడు ఒకటుంది. కోరుకొండ సైనిక్ స్కూల్లోనో ఏ కేంద్రీయ విద్యాలయంలోనో చదివిన పిల్లవాడికి మూడు సబ్జెక్టుల్లో 300కి 270 రావడం మంచి ఫలితమే. అది 90 శాతం, 22.5 పాయింట్లు. ఇంటర్ బోర్డులో 96 శాతం తెచ్చుకున్న పిల్లకి 24. ఈఏపీసెట్ విడతల మధ్య తేడా సరిచేస్తారు కానీ బోర్డుల మధ్య తేడా సరిచేసే ఏర్పాటు ఈ సూత్రంలో లేదు. ఉన్న శాతం ఉన్నట్టే తీసుకుంటారు. ఒకటిన్నర పాయింటు, అంటే మూడు ఈఏపీసెట్ మార్కుల పైచిలుకు లోటుతో వాళ్ళు మొదలుపెడతారు. పైగా ఇంటర్ బోర్డు పిల్లల మార్కులు బోర్డు నుంచి నేరుగా వెళ్తాయి. ఇతర బోర్డుల పిల్లలు తమ మార్కుల్ని తామే అప్‌లోడ్ చేయాలి. అది మర్చిపోతే ర్యాంకు రాదు.

ఇంతవరకూ E ని మామూలు మార్కులాగా వాడాం. అది మామూలు మార్కు కాదు. పరీక్ష రోజుకి రెండు విడతలుగా చాలా రోజులు జరుగుతుంది, ప్రతి విడతకీ పేపరు వేరు. సోమవారం పొద్దుట రాసిన పిల్లకి మాథ్స్ గట్టిగా తగిలి, బుధవారం మధ్యాహ్నం రాసిన పిల్లవాడికి సులువుగా వస్తే ఇద్దరి 80ని ఒకే 80 అనడం అన్యాయం. అందుకే నార్మలైజేషన్. బుక్‌లెట్‌లో ఇచ్చే సూత్రం ఇది. R అంటే అభ్యర్థికి వచ్చిన అసలు మార్కు, N అంటే నార్మలైజ్ అయిన మార్కు.

```
N = GASD + (GTA − GASD) / (STA − SASD) × (R − SASD)
```

పేర్లు భయపెట్టినా లోపలి ఆలోచన రెండు గుంజలకి తాడు కట్టడం లాంటిది. ప్రతి విడతలోనూ రెండు గుర్తులు పెడతారు. ఒకటి ఆ విడత సగటుకి ప్రామాణిక విచలనం కలిపిన మార్కు, అది SASD. సగటు పిల్లవాడి కన్నా ఒక మెట్టు పైనున్న మార్కు అనుకోవచ్చు. రెండోది ఆ విడతలో పైనున్న 0.1 శాతం మంది, అంటే వెయ్యికి ఒకరి చొప్పున తీసుకున్న వాళ్ళ సగటు మార్కు, అది STA. అన్ని విడతల్నీ కలిపి చూసినప్పుడు ఇవే గుర్తులు GASD, GTA అవుతాయి. విడతలోని మొదటి గుర్తుని మొత్తంలోని మొదటి గుర్తు మీద, రెండోదాన్ని రెండోదాని మీద కూర్చోబెడతారు. మధ్యలోనూ బయటా ఉన్నవాళ్ళు ఆ సరళరేఖ మీదే సర్దుకుంటారు.

అంకెలతో చూడాలి. ఇవి లెక్క కోసం వేసుకున్నవి, ఏ సంవత్సరానివీ కావు. మొత్తం మీద GASD 72, GTA 148 అనుకుందాం. సులువు విడతలో SASD 74, STA 150. అప్పుడు గుణకం 76ని 76తో భాగిస్తే 1. ఈ విడతలో 80 తెచ్చుకున్నవాడికి 72కి 6 కలిపి 78 వస్తుంది. కష్టం విడతలో SASD 69, STA 146 అనుకుంటే గుణకం 76ని 77తో భాగిస్తే 0.987. అక్కడి 80కి పదకొండుని 0.987తో గుణించి 72కి కలిపితే 82.86. ఒకే 80 ఒకచోట 78 అయింది, ఇంకోచోట దాదాపు 83 అయింది. ఈ తేడా 2.28 పాయింట్లు. ఇంటర్ మార్కుల్లోకి మారిస్తే 55. రెండేళ్ళు కూర్చుని తెచ్చుకున్న 55 మార్కులంత బరువు ఏ విడత పడిందన్న దాంట్లోంచి వచ్చినట్టుంది కదా అని కోపం రావచ్చు. కానీ నార్మలైజేషన్ లేకపోతే సులువు విడత వాడు ఆ తేడాని ఊరికే జేబులో వేసుకునేవాడు. ఈ సూత్రం దాన్ని తిరిగి లాక్కుంటోంది.

దీనికో హద్దుంది. అన్ని విడతల్లోనూ పిల్లల గుంపు ఒకే స్థాయిలో ఉందన్న నమ్మకం మీద ఇది నడుస్తుంది. ఒక విడతలో నిజంగానే గట్టి పిల్లలు ఎక్కువమంది పడితే సగటు పెరుగుతుంది, సూత్రం దాన్ని 'పేపరు సులువు' అని చదువుతుంది, మార్కు తగ్గిస్తుంది. వేలమంది రాసే విడతలో అలా జరిగే వీలు తక్కువే. అయినా పేపరు కష్టంగా ఉందని హాల్లోంచి బయటికొచ్చి అనుకునే మాట నార్మలైజేషన్‌కి లెక్క కాదు. ఆ విడతలో అందరికీ కలిపి ఎన్ని వచ్చాయన్నదే దానికి కావాలి. మీకు కష్టంగా ఉండి మిగతావాళ్ళకి బాగా వస్తే కలిసేది ఏమీ ఉండదు.

ఇంకొకటి. నార్మలైజేషన్ ఒక సంవత్సరంలోని విడతల్ని సమానం చేస్తుంది తప్ప ఈ సంవత్సరాన్నీ పోయిన సంవత్సరాన్నీ కాదు. కాబట్టి 60 పాయింట్లకి పోయినేడాది వచ్చిన ర్యాంకే ఈ ఏడాదీ వస్తుందని లేదు. మరి లక్ష్యం ఎక్కడ నుంచి తెచ్చుకోవాలి? విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలో ఫలానా బ్రాంచ్ కావాలనుకుంటే, కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో కాలేజీ, బ్రాంచ్, కేటగిరీ, లోకల్ ఏరియా, ఆడ–మగ వారీగా చివరి ర్యాంకులు దొరుకుతాయి. అవి ర్యాంకులే, స్కోర్లు కావు. ర్యాంకు నుంచి స్కోరుకి వెళ్ళడానికి నమ్మకమైన దారి సీనియర్ల ర్యాంక్ కార్డులు. కార్డు మీద సబ్జెక్టు వారీ నార్మలైజ్డ్ మార్కులు, ఉమ్మడి స్కోరు, ర్యాంకు మూడూ ఉంటాయి. మీకు కావలసిన ర్యాంకుకి కాస్త పైనా కాస్త కిందా ఉన్న కార్డులు నాలుగు దొరికితే చాలు, స్కోరు ఎక్కడుండాలో తెలుస్తుంది. రెండేళ్ళవి దొరికితే ఇంకా మంచిది, స్కోరు ఎంత ఊగుతోందో కనబడుతుంది. 2021, 2022 కార్డులు మాత్రం పక్కన పెట్టాలి. వాటిలో ఇంటర్ వాటా లేదు. వాట్సాప్‌లో తిరిగే పట్టికల్లో ఈ సంవత్సరాలూ మిగతావీ కలిపేసి ఉండటం మామూలు.

స్కోరు సమానమైతే ముందు ఈఏపీసెట్ మార్కు చూస్తారు, తర్వాత మాథ్స్. జనరల్, బీసీ అభ్యర్థులకి ర్యాంకు రావాలంటే ఈఏపీసెట్‌లో 25 శాతం, అంటే 160కి 40 ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకి ఆ కనీసం లేదు. 40 రాని జనరల్ పిల్లవాడికి ఇంటర్‌లో 600కి 600 ఉన్నా ఉపయోగం లేదు.

మొదటి సంవత్సరం అయిపోయి వేసవిలో ఉన్నవాళ్ళకి ఒక చిన్న నిర్ణయం ఉంటుంది, ఇంప్రూవ్‌మెంట్ రాయాలా వద్దా అని. 270కి 210 ఉన్నది 240 అయితే పెరిగేది 1.25 పాయింట్లు, అంటే ఈఏపీసెట్‌లో 2.7 మార్కులు. ఒక్క దీనికోసమే అయితే నెల రోజులు పెట్టడం దండగ అనొచ్చు. కానీ ఆ నెలలో చదివేది మొదటి సంవత్సరం సిలబస్, ఈఏపీసెట్ పేపర్లో దాదాపు సగం వచ్చేది అక్కడి నుంచే. చదువు రెండు చోట్లా జమ అవుతుంది కాబట్టి 230 లోపు ఉన్నవాళ్ళు రాయడం మేలు. 250 దాటినవాళ్ళకి అది పని కాదు.

మళ్ళీ రాజాం అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమెకి కావలసిన 77 నార్మలైజ్డ్ మార్కు. ఏ విడత పడుతుందో తెలీదు కాబట్టి పైన వేసుకున్న సులువు విడతనే పడుతుందనుకుని లక్ష్యం పెట్టుకోవాలి. అప్పుడు అసలు మార్కు 79 కావాలి. కష్టం విడత పడితే 74, 75 సరిపోయేవి, అది అదృష్టం. టెక్కలి అబ్బాయికి ఇలాగే 85.

ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కుల్లేవు, ప్రశ్నకి నాలుగు ఆప్షన్లు. తెలియనివి గుడ్డిగా పెట్టినా నాలుగింట ఒకటి తగులుతుంది. అంచేత 79 రావాలంటే 79 ప్రశ్నలు తెలియాల్సిన పని లేదు. 52 ప్రశ్నలు ఖాయంగా వచ్చి, మిగతా 108 ఊరికే పెడితే వాటిలో సగటున 27 తగులుతాయి, మొత్తం 79. ఆ 27 ఒక్కోసారి 22, ఒక్కోసారి 31 అవుతుంది, దాని మీద పూర్తిగా ఆనుకోకూడదు. పైగా ఖాయం అనుకున్నవన్నీ రైటు కావు. పదింటికి ఒకటి పొరపాటున పోతుందని వేసుకుంటే 52 కాస్తా 60 అవుతుంది. అబ్బాయికి ఇదే లెక్కలో 69 దాటి 70 దగ్గరికి వస్తుంది. మొత్తం 160లో మాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఇంటర్‌లో తగ్గిన ఆ 66 మార్కుల్ని అతను పూడ్చుకోవాల్సింది మూడు సబ్జెక్టుల్లో కలిపి తొమ్మిదో పదో ప్రశ్నలతో. అవి కెమిస్ట్రీలో దొరికితే అతనికి టైమూ మిగులుతుంది. మాథ్స్‌లో వెతుక్కుంటే ఒక్కోదానికి మూడు నాలుగు నిమిషాలు పోతాయి, మూడు గంటల పేపర్లో ప్రశ్నకి సగటున ఉన్నది నిమిషం పైన ఏడెనిమిది సెకన్లే.